ఆరో తరగతి సైన్స్ మాటలకు తెలుగు, ఇంగ్లీషు, బొమ్మలతో షీటు ఎట్లా చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. సైన్స్ మాటలు తలకెక్కడం లేదు. తెలుగు, ఇంగ్లీషు, బొమ్మ మూడూ ఉండే షీటు ఇంట్లోనే చేయాలనుంది. ఎట్లా మొదలుపెట్టాలి?

జవాబు: అక్షరాల వరసలో డిక్షనరీ మాదిరి మాత్రం చేయొద్దండి, పిల్లలు దాన్ని మళ్లీ తెరవరు. ఒక పాఠానికి ఒక్క షీటు, పది మాటలు చాలు. నేను అల్లూరు పక్కన ట్యూషన్ చెప్తాను, మా దగ్గర పదార్థాలను వేరు చేసే పాఠంతోనే మొదలుపెడతాం, ఎందుకంటే అందులో సగం పనులు పిల్లలు ఇంట్లో చూసినవే: తూర్పారబట్టడం, జల్లెడ పట్టడం, వడకట్టడం.

తెలుగుకు రెండు గడులు పెట్టండి. ఒకదాంట్లో ఇంట్లో అనే మాట, రెండోదాంట్లో పుస్తకంలో మాట. ఇవాపొరేషన్ పక్కన బాష్పీభవనం అని మాత్రమే రాస్తే పిల్లకు రెండూ కొత్తవే. నీళ్లు ఇగిరిపోవడం అని కూడా రాస్తే టక్కున అర్థమవుతుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మనం ఐస్ కరిగింది అంటాం, ఉప్పు కరిగింది అని కూడా అంటాం. ఇంగ్లీషులో మొదటిది మెల్టింగ్, రెండోది డిజాల్వింగ్. ఈ రెండింటినీ పక్కపక్క వరసల్లో పెట్టి, ఒక్కోదానికి ముందు, తర్వాత అని రెండు బొమ్మలు గీసి మధ్యలో బాణం వేయండి. ఐస్ బొమ్మలో గిన్నెలో ఐస్ ఒక్కటే ఉండాలి, కింద వేడి. ఉప్పు బొమ్మలో నీళ్ల గ్లాసు తప్పనిసరి, తర్వాతి బొమ్మలో చుక్కలు నీళ్లంతా పరుచుకోవాలి. వచ్చిందో లేదో తెలియాలంటే షీటులో లేనిది అడగండి. పెనం మీద నెయ్యి? మెల్టింగ్. టీలో చక్కెర? డిజాల్వింగ్. నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టిన బెల్లం పాకం అడిగితే చాలామంది మెల్టింగ్ అంటారు, పొయ్యి వెలుగుతోంది కదా! అక్కడ బెల్లం నీళ్లలో కలుస్తోంది, వేడి ఆ పనిని తొందర చేస్తోందంతే.

ఇవాపొరేషన్‌కు పొగలు కక్కే గిన్నె గీయొద్దు. ఆ తెల్లటి పొగ నిజానికి చల్లబడి మళ్లీ నీటి బిందువులైన ఆవిరి, అంటే అది కండెన్సేషన్ బొమ్మ. పైగా నీళ్లు మరిగితేనే ఇగురుతాయని పిల్ల అనుకుంటుంది. దండెం మీద తడిబట్ట గీయండి, లేదా మా ఇస్కపల్లి వైపు ఉప్పు మడి గీయండి: ఎండ, మడిలో ఉప్పునీళ్లు, బాణం, అడుగున మిగిలిన ఉప్పు.

బొమ్మలు పిల్లతోనే గీయించండి, వంకరగా ఉన్నా పర్లేదు. నల్ల పెన్నుతో గీతలే చాలు, పెన్సిల్ షేడింగ్ జిరాక్స్‌లో మచ్చగా పడుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ గడి చివర పెడితే కాగితం మడిచి పరీక్షించుకోవచ్చు.