వాక్యం సాగదీయకుండా రాయడం ఎలా?

ప్రశ్న: ఆఫీసులో నేను రాసే నివేదికలు, ప్రకటనలు చేంతాడులా ఉంటున్నాయని మా పై అధికారి అంటున్నారు. ఏ మాట తీసేయాలో, ఏది ఉంచాలో నాకు తెలియడం లేదు. మీరు ఎలా నేర్చుకున్నారు?

జవాబు:

నేను కొన్నేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. రాత్రి పేజీ కట్టేటప్పుడు చోటు చాలదు. మండలాల నుంచి వచ్చే వార్తలేమో ఇలా ఉండేవి:

"గ్రామంలో గల మంచినీటి ట్యాంకు యొక్క మరమ్మతు పనులను చేపట్టడం జరుగుతున్నదని, కావున గ్రామంలో ఉన్నటువంటి ప్రజలందరూ కూడా ఈ విషయాన్ని గమనించి సహకరించవలసిందిగా కోరడం జరిగిందని పంచాయతీ కార్యదర్శి తెలియజేయడం జరిగింది."

మొత్తం 24 మాటలు. నేను మొదట పట్టుకునేది "జరిగింది"ని. తెలుగు క్రియ చివరలోనే కర్త ఉంటాడు: చేశాను, చేశావు, చేశారు. "చేయడం జరిగింది" అని రాసేసరికి ఆ కర్త మాయమవుతాడు, అతన్ని చెప్పడానికి మళ్లీ వేరే మాటలు కావాలి. "కోరడం జరిగింది" అంటే "కోరారు", అంతే. పెళ్లి జరిగింది, ప్రమాదం జరిగింది అన్నప్పుడు ఆ మాట నిక్షేపంగా ఉండవచ్చు, అక్కడ అది నిజంగా జరిగిన సంఘటన. ఒక పనికి క్రియ ఉండగా దాని పక్కన "డం జరిగింది" తగిలిస్తేనే పేచీ.

తర్వాత "యొక్క". ఇల్లు అనే మాట ఇంటి అని, ఊరు అనే మాట ఊరి అని మారినప్పుడే సంబంధం తెలిసిపోతోంది. "ఇంటి యొక్క పైకప్పు" అంటే ఒకే పనికి ఇద్దరిని పెట్టుకోవడం. "ఉన్నటువంటి", "అనేటువంటి" ఉపన్యాసాల్లో వినిపించేవి. మాట్లాడేవాడికి తర్వాతి మాట వెతుక్కోవడానికి కాస్త వ్యవధి కావాలి. రాసేవాడికి ఆ అవసరం ఏముంది?

ఇవన్నీ తీసేస్తే వాక్యం ఇలా మిగిలింది: "మంచినీటి ట్యాంకుకు మరమ్మతు చేస్తున్నందున గ్రామస్థులు సహకరించాలని పంచాయతీ కార్యదర్శి కోరారు." తొమ్మిది మాటలు. కానీ అప్పుడే నాకు అసలు లోపం కనిపించింది. సహకరించడమంటే ఏమి చేయాలి? పెద్ద వాక్యంలో ఈ ప్రశ్న రాలేదు, ఎందుకంటే అంత హడావిడిలో ఏదో చెప్పినట్టే అనిపిస్తుంది. విలేకరికి ఫోన్ చేస్తే, "రెండు రోజులు నీళ్లు రావండీ, అదే కదా వార్త" అన్నాడు. అచ్చయిన వాక్యం ఇది: "మంచినీటి ట్యాంకుకు మరమ్మతు చేస్తున్నందున సోమ, మంగళవారాల్లో నీళ్లు రావని పంచాయతీ కార్యదర్శి తెలిపారు." రెండు మాటలు పెరిగాయి, ఊరికి కావలసిన సంగతి వచ్చింది. మీ నివేదికలోనూ ఊక చెరిగాక గింజ కనిపించకపోతే, అక్కడ సమాచారమే లేదన్నమాట. అప్పుడు కత్తిరించడం ఆపి, ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి.

ఇప్పటికీ నేను ఏది రాసినా చివర Ctrl+F నొక్కి "జరిగ", "జరుగు", "యొక్క", "టువంటి" వెతుకుతాను. పూర్తి మాట కాకుండా ముక్క వెతకడం ఎందుకంటే, జరిగింది, జరిగినది, జరిగిందని అన్నీ ఒకేసారి దొరుకుతాయి. దొరికిన ప్రతిదాన్నీ తీసేయను, చదివి చూస్తాను.

పొట్టి వాక్యం పేరుతో వాక్యాన్ని ముక్కలు చేయడం మాత్రం వేరే సంగతి. "ఆమె లేచింది. ఆమె స్నానం చేసింది. ఆమె బడికి వెళ్లింది." ఇది కుదించడం కాదు, నత్తి. "లేచి, స్నానం చేసి, బడికి వెళ్లింది" అంటే మాటలూ తక్కువే, చదవడమూ తేలికే. మన భాషకున్న ఈ సౌకర్యాన్ని ఎందుకు వదులుకోవాలి? అయితే తెలుగులో ప్రధాన క్రియ చివర వస్తుంది కాబట్టి, దాని ముందు "అని", "అని" అంటూ నాలుగు పేరిస్తే పాఠకుడు చివరిదాకా మోయాలి. రెండో "అని" దగ్గర నేను వాక్యం విరిచేస్తాను.

కత్తెర మీద మోజు పెరిగాక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పై వాక్యంలో "ప్రజలందరూ కూడా"లోని "కూడా" దండగ. ఆ అలవాటుతోనే ఒక రాత్రి, "బడి మానేసిన పిల్లలకు కూడా నోటు పుస్తకాలు పంచారు" అన్న వాక్యంలోనూ దాన్ని కొట్టేశాను. బడి మానేసిన పిల్లలకు పంచారు అని అచ్చయింది. మర్నాడు పొద్దున్నే ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఫోన్ చేసి, "రోజూ వచ్చే పిల్లలకు ఇవ్వలేదా అని తల్లిదండ్రులు గేటు దగ్గర నిలబడ్డారండీ" అన్నారు. ఆ రోజు సవరణ వేశాం. అప్పటి నుంచి "కూడా", "మాత్రమే", "సుమారు", "దాదాపు" లాంటి మాటలను కొట్టేసే ముందు, అది లేకుండా వాక్యాన్ని ఒకసారి చదివి, అర్థం మారలేదని తేలితేనే చెయ్యి వేస్తున్నాను.