అద్దె ఫ్లాట్‌పై చివరికి మిగిలేదెంత: నెలల అద్దెలో ఒక లెక్క

ప్రశ్న: లోను తీసుకుని ఫ్లాట్ కొని అద్దెకు ఇద్దామనుకుంటున్నాను. ఏడాదికి 4 శాతం రాబడి వస్తుందని అమ్మేవాళ్లు అంటున్నారు. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఖాళీగా ఉండే నెలలు, లోను వడ్డీ అన్నీ పోగా నిజంగా ఎంత మిగులుతుంది?

ఈ లెక్కను డబ్బులో వేయడం కంటే నెలల అద్దెలో వేయడం మేలని నా గట్టి అభిప్రాయం. ఒక నెల అద్దెను ఒకటిగా తీసుకుంటే ఏ ఖర్చు ఎన్ని నెలల అద్దెను తినేస్తుందో వెంటనే కళ్లకు కడుతుంది. నా ఫ్లాట్ లెక్కను నేను ఇలాగే రాసుకుంటాను.

అమ్మేవారు చెప్పే 4 శాతం అంటే ఫ్లాట్ ధర 300 నెలల అద్దెకు సమానమని, ఏడాదికి 12 నెలల అద్దె వస్తుందని అర్థం. ఈ భాగహారంలో పైనున్న 12, కిందనున్న 300 రెండూ సరైనవి కావు. ముందుగా కింది అంకెను చూద్దాం. రిజిస్ట్రేషన్, మధ్యవర్తి రుసుము, లోను పత్రాల ఖర్చు, అద్దెకు ఇవ్వడానికి ముందు చేయించే చెక్కపని, దీపాలు, ఫ్యాన్లు అన్నీ మన జేబులోంచే వెళ్లాయి. అవి 24 నెలల అద్దెకు సమానం అనుకుంటే అసలు పెట్టుబడి 324 నెలల అద్దె అవుతుంది.

పై అంకె దగ్గర ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే ఖాళీ నెల అంటే ఒక నెల అద్దె పోవడమేనని చాలామంది భావిస్తారు. నా ఫ్లాట్‌లో మొదట ఉన్న కుటుంబం ఖాళీ చేసి తాళాలు అప్పగించినప్పుడు హాలులో సోఫా ఆనించిన మేర గోడపై మాసిన చార తప్ప నాకు మరేమీ కనిపించలేదు. పడకగదిలో అల్మరాను పక్కకు జరిపిన తరువాత, అటువైపు ఉన్న బాత్రూం నుంచి గోడలోకి చెమ్మ ఎక్కిందని, వేలితో తాకితే చాలు సున్నం పొరలు పొరలుగా రాలుతోందని తెలిసింది. గోడ ఆరకుండా రంగు వేస్తే నిలవదని పెయింటర్ చెప్పాడు. కాబట్టి ముందు బాత్రూం టైల్స్ సందులను మళ్లీ పూడ్పించి, గోడ ఆరేదాకా ఆగి, ఆ తరువాతే రంగు వేయించవలసి వచ్చింది. ఈలోగా అపార్ట్‌మెంట్ సంఘం నుంచి మెయింటెనెన్స్ బిల్లు ఎప్పటిలాగే వచ్చింది, ఆస్తి పన్ను కట్టవలసిన గడువు కూడా అప్పుడే పడింది. కొత్తవారిని తెచ్చిన మధ్యవర్తి ఒక నెల అద్దెను రుసుముగా తీసుకున్నాడు. అద్దె ఆగిన ఆ కాలంలోనే ఖర్చులన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అందుకే ఖాళీ నెలలను, రంగులను, మధ్యవర్తి రుసుమును విడివిడిగా కాక, అద్దెదారు మారినప్పుడల్లా అయ్యే ఒకే ఖర్చుగా చూడమంటాను.

ఇప్పుడు ఏడాది లెక్క వేద్దాం. అద్దెదారు సగటున 2 ఏళ్లకు ఒకసారి మారతాడని, మారినప్పుడల్లా ఫ్లాట్ 2 నెలలు ఖాళీగా ఉంటుందని అనుకుంటే ఏడాదికి ఒక నెల పోయి 11 నెలల అద్దె చేతికి వస్తుంది. మధ్యవర్తికి ఇచ్చే నెల అద్దెను 2 ఏళ్లకు పంచితే ఏడాదికి అర నెల. రంగులు, మరమ్మతులకు ఏడాదికి 0.8 నెల పక్కన పెట్టాలి. మెయింటెనెన్స్ అద్దెలో పదో వంతు ఉండి, దాన్ని యజమానే కడితే ఏడాదికి 1.2 నెలలు అవుతుంది. అద్దెదారే కట్టే ఒప్పందమైతే ఈ భారం చాలా తగ్గుతుంది గానీ ఖాళీ నెలల్లో మాత్రం అది తిరిగి మన మీదకే వస్తుంది. ఆస్తి పన్ను అర నెల. ఇవన్నీ 11లోంచి తీసేస్తే మిగిలేది 8 నెలల అద్దె. దాన్ని 324తో భాగిస్తే దాదాపు 2.5 శాతం వస్తుంది. వారు చెప్పిన 4 శాతంలో మూడో వంతుకు పైగా ఇక్కడే కరిగిపోయింది, లోను ఊసు ఇంకా ఎత్తనే లేదు.

లిఫ్టు మార్చడం, భవనమంతటికీ బయటి రంగులు వేయించడం వంటి పెద్ద పనులకు సంఘం విడిగా వసూలు చేసే మొత్తాలు ఈ లెక్కలో లేవు. సంఘం దగ్గర నిల్వ నిధి ఎంత ఉందో కొనేముందే అడిగి తెలుసుకోవాలి. వంటగది గ్రానైటు గురించి గంటసేపు మాట్లాడే కొనుగోలుదారులు ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఇక లోను. 324లో 200 నెలల అద్దెకు సమానమైన మొత్తాన్ని 8 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్నారనుకుందాం. ఏడాదికి కట్టే వాయిదాలన్నీ కలిపి దాదాపు 20 నెలల అద్దె అవుతాయి. అందులో మొదటి ఏడాది వడ్డీ దాదాపు 16, అసలు కేవలం 4 పైచిలుకు. అసలు కింద కట్టినది మన ఆస్తిలోకే చేరుతుంది కాబట్టి దాన్ని ఖర్చుగా రాయకూడదు, వడ్డీని మాత్రమే రాయాలి. వాయిదా మొత్తాన్ని అద్దెలోంచి తీసేసి నష్టం అనేవారూ, అద్దెతోనే లోను తీరిపోతుందని ధీమాగా చెప్పేవారూ ఈ రెంటినీ కలగాపులగం చేస్తున్నారు. మన లెక్కలో ఫ్లాట్ ఇచ్చేది 8, వడ్డీ అడిగేది 16. మిగిలిన 8 నెలల అద్దెను ఏటా చేతినుంచి పెట్టుకోవాలి. మన సొంత డబ్బు 124 నెలల అద్దె కాబట్టి దానిపై తొలి ఏడాది రాబడి సున్నాకు దిగువన 6.5 శాతం దగ్గర ఉంటుంది. ఫ్లాట్ 2.5 శాతం సంపాదిస్తుంటే 8 శాతానికి అప్పు తెచ్చినప్పుడు, అప్పు పెరిగిన కొద్దీ లోటూ పెరుగుతుంది. అద్దె, ఖర్చులు మారకుండా ఉంటే, లోను బాకీ 100 నెలల అద్దెకు తగ్గేదాకా, అంటే 14వ ఏడాది దాకా వడ్డీదే పైచేయి. అద్దె పెరిగితే ఆ రోజు ముందే వస్తుంది గానీ, మెయింటెనెన్స్, పన్ను కూడా పెరుగుతాయని గుర్తుంచుకోవాలి.

అలాంటప్పుడు కొనేవారు నిజానికి ధర పెరుగుదల మీద పందెం కాస్తున్నారు. ఆ పందెం ఎంతో కూడా లెక్క తేలుతుంది. తొలి ఏడాది 8 నెలల అద్దె లోటు పూడాలంటే 300 నెలల అద్దెకు కొన్న ఫ్లాట్ ధర దాదాపు 2.7 శాతం పెరగాలి. మీ 124 మరోచోట 6 శాతం తెచ్చిపెట్టేదైతే, ఆ వదులుకున్న 7.4 కూడా రావడానికి 5 శాతం పైన పెరగాలి. అమ్మేటప్పుడు అయ్యే ఖర్చులు దీనికి అదనం. ఆదాయపు పన్ను నియమాలు చోటును బట్టి మారతాయి కాబట్టి వాటిని ఈ లెక్క ముగిశాక చివరి వరుసలో చేర్చుకోండి.

మీరు చూస్తున్న ఫ్లాట్ ఇప్పటికే అద్దెకు ఉన్నదైతే, గత 3 ఏళ్లలో అద్దె జమ అయిన బ్యాంకు ఖాతా వివరాలను, సంఘం రసీదులను, పన్ను రసీదులను అమ్మేవారినే అడగండి. 36 నెలల్లో ఎన్నిసార్లు అద్దె జమ అయిందో లెక్కపెట్టండి. నేను వేసిన లెక్క ప్రకారం అది 33 ఉండాలి. 30 మాత్రమే ఉంటే ఏడాదికి చేతికి వచ్చేది 11 బదులు 10 అవుతుంది, మిగిలే 8 కాస్తా 7కు పడిపోతుంది, రాబడి 2.2 శాతం దగ్గరకు జారుతుంది. అంతకంటే తక్కువ ఉంటే అద్దెదారులు ఎందుకు నిలవడం లేదో కింది అంతస్తులో ఉంటున్నవారిని అడిగి తెలుసుకున్నాకే బయానా ఇవ్వండి.