సోషల్ మీడియా వాడకం, టీనేజర్ల ఆత్మగౌరవం

ప్రశ్న: సోషల్ మీడియా వల్ల టీనేజ్ పిల్లల ఆత్మగౌరవం నిజంగా తగ్గుతుందా?

కొందరిలో తగ్గుతుంది, ఎక్కువమందిలో చెప్పుకోదగిన మార్పు ఉండదు. నెదర్లాండ్స్‌కు చెందిన పట్టి వాల్కెన్‌బర్గ్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో 300 మంది కిశోరులను 3 వారాలపాటు రోజుకు 6 సార్లు ఫోన్‌లోనే ప్రశ్నించి, ప్రతి ఒక్కరినీ ఇతరులతో కాక, వారి సొంత మామూలు స్థితితోనే పోల్చి చూసింది. 88 శాతం మందిలో ప్రభావం లేదు లేదా అతి స్వల్పం. 8 శాతం మందిలో ఆత్మగౌరవం తగ్గింది, 4 శాతం మందిలో పెరిగింది.

సగటు మనల్ని తప్పుదారి పట్టించేది ఇక్కడే. ఒకే గంటసేపు చూసిన ఇద్దరమ్మాయిల్లో, స్నేహితురాళ్ల మెచ్చుకోలు చదివిన అమ్మాయి ఉత్సాహపడి, తీర్చిదిద్దిన ఫొటోలతో తన రూపాన్ని పోల్చుకున్న అమ్మాయి అంతే కుంగిపోతే, సగటు సున్నా అవుతుంది. రెండో అమ్మాయి బాధ లెక్కలో కనిపించకుండా పోతుంది. అలాగని, ఆ 8 శాతాన్ని చూపి పిల్లలందరికీ ఫోన్ నిషేధించడం కూడా నాకు సబబుగా తోచదు.

అయితే 3 వారాల పరిశీలన అప్పటికప్పుడు కలిగే మార్పునే పట్టగలదు. ఏళ్ల తరబడి పేరుకునే ప్రభావం గురించి అది ఏమీ చెప్పలేదు. కాబట్టి గంటలు లెక్కపెట్టడంకన్నా, ఫోన్ పక్కన పెట్టాక ఆ పిల్ల తన గురించి తాను ఎలా మాట్లాడుకుంటోందో గమనించడమే ఎక్కువ తెలియజేస్తుంది.