మూడు నెలలుగా ఒకటే ఇన్‌హేలరా? తిరకాసు అక్కడే ఉంది

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్లు. ఉబ్బసం అని చెప్పి డాక్టరు గారు మూడు నెలల కింద గోధుమ రంగు ఇన్‌హేలర్ ఒకటి, నీలం రంగుది ఒకటి, ఇన్‌హేలర్‌ను వెనక గుచ్చి ముందు నుంచి మందు పీల్చే ప్లాస్టిక్ సాధనం స్పేసర్ రాశారు. గోధుమ రంగుది పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు పఫ్‌లు. రోజూ ఇస్తున్నాం, ఇంకా అదే ఇన్‌హేలర్ నడుస్తోంది. అయినా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు పోలేదు. మాస్కు పెడితే ఏడుస్తాడని రెండు పఫ్‌లూ ఒకేసారి నొక్కేస్తున్నాం. మా అత్తగారేమో "ఇది అలవాటైతే జన్మలో వదలదు, సిరప్ చాలు" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చీమకుర్తి

జవాబు: అమ్మా, ముందు ఆ గోధుమ రంగు ఇన్‌హేలర్‌ను చేతిలోకి తీసుకుని వెనక వైపు చూడండి. చిన్న కిటికీలో అంకె ఉంటే అది మిగిలిన డోసుల లెక్క, ఎంతో చూడండి. అంకె కనిపించకపోతే డబ్బా మీద ఎన్ని డోసులని రాసి ఉందో చూడండి. సాధారణంగా 120 గానీ 200 గానీ ఉంటాయి. రోజుకు నాలుగు పఫ్‌ల లెక్కన 120 డోసులది 30 రోజులకు అయిపోవాలి, 200 డోసులదైతే 50 రోజులకు. మీది మూడు నెలలుగా నడుస్తోందంటే రెండే కారణాలు. మందు ఎప్పుడో అయిపోయి ఉండాలి, లేదా మీరు అనుకున్నన్ని రోజులు ఇచ్చి ఉండకపోవాలి. మీరు రోజూ ఇస్తున్నామని అంటున్నారు, నేను నమ్ముతున్నాను. కాబట్టి చాలా రోజులుగా బాబు పీలుస్తున్నది మందు లేని గాలే కావచ్చు.

ఖాళీ అయితే తెలియదా అని మీకు అనిపించవచ్చు. తెలియదు. మందు అయిపోయాక కూడా లోపల దాన్ని బయటికి నెట్టే గ్యాస్ కొంత మిగిలి ఉంటుంది. నొక్కితే అదే 'ఫుస్' శబ్దం, అదే తెల్లటి పొగ వస్తాయి. ఊపి చూస్తే కూడా లోపల ఏదో కదిలినట్టే ఉంటుంది. కొందరు నీళ్లలో వేసి తేలిందా మునిగిందా అని చూస్తారు. అది నమ్మదగ్గ పరీక్ష కాదు, పైగా నీళ్లు వెళ్లి రంధ్రం మూసుకుపోతుంది. కొత్తది కొన్న రోజే దాని మీద పెన్నుతో తేదీ వేసి, అయిపోవాల్సిన తేదీ కూడా రాసేయండి. ఆ రోజుకు కొత్తది ఇంట్లో ఉండాలి.

ఇక రెండో సంగతి. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే పని తొందరగా అవుతుంది గానీ మందు మాత్రం రెండింతలు అందదు. స్పేసర్‌లో పొగ చుక్కలు ఒకదానికొకటి తగిలి పెద్దవై గోడలకు అంటుకుపోతాయి. బాబు ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది అందులో కొంతే. ఒక పఫ్, పూర్తిగా పీల్చడం, తర్వాత మళ్లీ ఒక పఫ్. ఇందులో అడ్డదారి లేదు.

మాస్కు గురించి. అయిదేళ్ల పిల్లాడికి మాస్కు అక్కర్లేదు. మూడేళ్ల లోపు వాళ్లకు అది కావాలి. నాలుగు, అయిదు దాటాక చాలామంది స్పేసర్ గొట్టాన్ని నేరుగా నోట్లో పెట్టుకుని పీల్చగలరు. మాస్కు లాగేసి చూడండి, సగం ఏడుపు అక్కడే పోవచ్చు. ఏడుస్తున్న పిల్లాడికి మందు ఇచ్చినా అది గొంతు దగ్గరే ఆగిపోతుంది. ఏడుస్తూ గట్టిగా ఎగపీల్చాడు, లోపలికి బాగా వెళ్లింది అనుకోవడం పొరపాటు.

టంగుటూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి తన పాపకు ఇలాగే ఏమీ తగ్గడం లేదండీ అంది. మందు మార్చే ముందు, ఇంట్లో ఎలా ఇస్తారో నా ముందు ఇవ్వమ్మా అన్నాను. ఆమె స్పేసర్ తీసి చీర చెంగుతో లోపల శుభ్రంగా తుడిచింది. ఇన్‌హేలర్‌ను ఊపకుండానే గుచ్చింది. పాప నోట్లో పెట్టి "ఊదు తల్లీ, ఊదు" అంది. పాప బుద్ధిగా బెలూన్ ఊదినట్టు ఊదింది! పొగంతా ఆ పాప ఊదిన గాలితో పాటు పక్కనుంచి బయటికి పోవడం నాకు కళ్లారా కనిపించింది. మందులో ఏ లోపమూ లేదు. ఆ 'ఊదు' అనే మాటే కొంప ముంచింది. పిల్లలతో "ఊదు" అనకండి, "పీల్చు" అనండి. స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు నెమ్మదిగా పీల్చమంటే వాళ్లకు చటుక్కున అర్థమవుతుంది.

ఇప్పుడు పద్ధతి చెప్తాను, రేపు పొద్దున ఇలా చేసి చూడండి. బాబును మంచం మీద పడుకోబెట్టకుండా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి, లేదా నిలబెట్టండి. ఇన్‌హేలర్ మూత తీసి, రంధ్రంలో దుమ్మూ ధూళీ లేవని చూసుకోండి. మీ ఊరు గ్రానైట్ ఊరు కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. ఇన్‌హేలర్‌ను అయిదారుసార్లు బాగా ఊపండి. మందు అడుగున పేరుకుని ఉంటుంది, ఊపకపోతే పలచటి పొగే వస్తుంది. కొత్త ఇన్‌హేలర్ అయినా, చాలా రోజులు వాడకుండా ఉంచినదైనా ముందు రెండు మూడుసార్లు గాలిలోకి నొక్కి వదిలేయండి. ఎన్నిసార్లో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, లోపలి కాగితంలో రాసి ఉంటుంది.

తర్వాత డబ్బా పైకి ఉండేలా ఇన్‌హేలర్‌ను స్పేసర్ వెనక గుచ్చండి. బాబును ఒకసారి మామూలుగా గాలి బయటికి వదలమని, స్పేసర్ గొట్టాన్ని పళ్ల మధ్య, నాలుక పైన పెట్టి పెదాలు బిగించమనండి. నాలుక అడ్డొస్తే మందు అక్కడే ఆగిపోతుంది. గడ్డం కాస్త పైకి ఉండాలి. ఇప్పుడు ఒక్కసారి నొక్కండి. వెంటనే, స్పేసర్ నోట్లోనే ఉంచి, నెమ్మదిగా లోపలికి, నెమ్మదిగా బయటికి అయిదారు ఊపిర్లు తీసుకోవాలి. మీరు పైకి లెక్కపెట్టండి. నొక్కిన తర్వాత మాటలతో ఆలస్యం చేస్తే పొగ కిందకు దిగిపోతుంది, అందుకే ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి స్పేసర్‌లోని వాల్వు మీద కన్నేయండి. అది చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ రేకు, పీల్చినప్పుడల్లా కదులుతుంది, కొన్నింట్లో టిక్కుమంటుంది. అది కదలకపోతే బాబు ముక్కుతో గాలి పీల్చుకుంటున్నాడని అర్థం, మెల్లగా ముక్కు పట్టుకోండి. పీలుస్తుంటే ఈల శబ్దం వస్తే వేగం ఎక్కువైందని, తగ్గించమని చెప్పండి, ఆ ఈల అన్ని స్పేసర్లలో ఉండదు. నోటి అంచుల నుంచి తెల్లటి పొగ బయటికి వచ్చిందంటే పెదాలు సరిగ్గా మూయలేదు.

రెండో పఫ్‌కు ముందు అర నిమిషం నుంచి నిమిషం ఆగి, ఇన్‌హేలర్ తీసి మళ్లీ ఊపి, ఇదే వరస. మొత్తం రెండు పఫ్‌లకూ మూడు నిమిషాలు చాలు. గోధుమ రంగు దాంట్లో ఉన్నది స్టెరాయిడ్ కాబట్టి అయిపోయాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నాలుక మీద తెల్లటి పూత వచ్చే అవకాశం ఉంది. పళ్లు తోముకునే ముందు ఇస్తే మరిచిపోయే సమస్యే ఉండదు.

స్పేసర్ కడగడంలో చాలామంది శుభ్రత ఎక్కువై తప్పు చేస్తారు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం వేసి, భాగాలు విడదీసి పావు గంట నానబెట్టండి. తీసి లోపల కడగకుండానే నీళ్లు కార్చి, నీడలో వదిలేయండి, తనంతట ఆరాలి. నోట్లో పెట్టుకునే కొసను మాత్రం మంచినీళ్లతో కడగండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి, చలికాలంలో స్వెటర్ తీసినప్పుడు వెంట్రుకలు లేచినట్టు, మందు గోడలకు అతుక్కుపోతుంది. ఆ సబ్బు పొర దాన్ని ఆపడానికే. కొత్త స్పేసర్‌ను కూడా వాడే ముందు ఇలాగే కడగాలి, తర్వాత నెలకోసారి. దాని కాగితంలో వేరేలా రాసి ఉంటే దాన్నే పాటించండి. ఇన్‌హేలర్‌ను మాత్రం మే నెల ఎండలో బండి డిక్కీలో వదలకండి.

అత్తగారి మాటకు వస్తాను, పెద్దావిడ భయం నాకు అర్థమవుతుంది. మామూలుగా దొరికే సాల్బుటమాల్ సిరప్ ఒక చెంచా, అంటే 5 మి.లీ.లో 2 మిల్లీగ్రాముల, అంటే 2000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. నీలం ఇన్‌హేలర్‌లోనూ ఇదే మందు, కానీ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక చెంచా సిరప్ 20 పఫ్‌లతో సమానం! సిరప్ ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి, అందుకే అంత కావాలి. అందుకే చేతులు వణకడం, గుండె దడ కూడా. ఇన్‌హేలర్ నేరుగా చేరాల్సిన చోటికే వెళ్తుంది. ఇది మత్తు పదార్థంలా అలవాటయ్యేది కాదు. మానితే ఆయాసం మళ్లీ వచ్చిందంటే, జబ్బు ఇంకా ఉందని అర్థం. అయితే గోధుమ రంగుది ఈ రోజు మొదలుపెడితే ఈ రాత్రికే దగ్గు ఆగదు, సరిగ్గా ఇచ్చినా ఒకటి రెండు వారాలు పడుతుంది. బాగున్నాడని మీకై మీరు ఆపవద్దు, తగ్గించడం మీ డాక్టరు చూసి చెప్పాలి. ఇంకొక మాట, రంగులు కంపెనీని బట్టి మారతాయి, పేరు చదివి ఏది రోజూ వాడేదో, ఏది ఆయాసానికో రెండింటి మీదా తెలుగులో రాసి అతికించండి.

ఆయాసం వచ్చినప్పుడు నీలం రంగుదే పని చేస్తుంది. ఇదే స్పేసర్, ఇదే పద్ధతి. ముందు రెండు పఫ్‌లు, ఒక్కొక్కటిగా. తగ్గకపోతే 20 నిమిషాలకు మరో రెండు, మళ్లీ 20 నిమిషాలకు ఇంకో రెండు. మీ డాక్టరు వేరే లెక్క రాసిస్తే అదే పాటించండి. ఈ ఆరు పఫ్‌లకూ తగ్గలేదన్నా, గంటా రెండు గంటల్లో మళ్లీ అవసరమైందన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కానీ డొక్కలు ఎగరేస్తున్నా, ఒక మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, పెదాలు నల్లబడుతున్నా, పిల్లాడు మగతగా ఉన్నా ఆ లెక్కలేమీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా నీలం ఇన్‌హేలర్ ఇస్తూనే ఉండండి. బండి ఎక్కేటప్పుడు ఇన్‌హేలర్‌తో పాటు స్పేసర్ కూడా వెంట తీసుకెళ్లండి, చాలామంది దాన్నే ఇంట్లో మరిచిపోతారు.