బ్లౌజు వీడియోకి స్క్రిప్టు రాస్తున్న చెల్లెలికి

మల్లేశ్వరం, బెంగళూరు

చెల్లెమ్మా,

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. కొలతల నుంచి హుక్కుల దాకా వరస ఎక్కడా తప్పలేదు. కానీ అన్ని పనులకీ ఒకే నిడివి ఇచ్చేశావు. ఇంట్లో కుట్టుకునేవాళ్లు తిన్నటి కుట్టు దగ్గర ఆగిపోరు. కత్తిరింపు లెక్క దగ్గరా, చెయ్యి అతికించే దగ్గరా ఆగిపోతారు. 12 నిమిషాల వీడియోలో సగం ఆ రెండిటికే ఇవ్వు. పక్క కుట్టుకి నాలుగైదు సెకన్లు చాలు.

ముందు గుడ్డ సంగతి. సాదా గుడ్డకి లోపలా బయటా ఒకేలా ఉంటాయి. కుట్టి చూపించే మాస్టరుగారి చేతికి తేడా తెలుస్తుంది గానీ, కెమెరాకి తెలియదు. ‘తిరగేసి కుట్టండి’ అన్న ప్రతిచోటా చూసేవాళ్లు తికమకపడతారు. అందుకని లైనింగు అదే రంగులో కాస్త లేత ఛాయ తీసుకోమను. ప్రతి ముక్కకీ లోపలి వైపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టడం కూడా స్క్రిప్టులోనే రాయి. నలుపు గుడ్డ వద్దు, దగ్గరి షాట్లో కుట్టు కనబడదు. చిక్కపేటలో కొనేటప్పుడు ఒకే తానులోంచి 2 మీటర్లు తీసుకోండి. ఒకటి బ్లౌజుకి, ఇంకొకటి దగ్గరి షాట్లు మళ్లీ తీయాల్సి వస్తే. తర్వాత వేరే తానులోంచి తెస్తే రంగులో తేడా రావచ్చు.

కాటన్ లైనింగుని నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలని ఒక్క వాక్యంలో చెప్పించు. లేకపోతే ఉతికాక లైనింగు కుదించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది.

ఇక కత్తిరింపు. ‘ఛాతీ దగ్గర 11 అంగుళాలు పెట్టండి’ అని రాసి వదిలేశావు. ఆ 11 ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పకపోతే 34 ఛాతీ ఉన్నావిడకి అది దేనికీ పనికిరాదు. మాస్టరుగారు సుద్ద గీస్తూ లెక్క పైకి అనాలి: ఛాతీ 36, అందులో నాలుగో వంతు 9, వదులుకి అర, కుట్టు మార్జిన్‌కి ఒకటిన్నర, మొత్తం 11. ఇది ఒంటి మీద తీసిన కొలతకి వేసే లెక్క అని కూడా అక్కడే చెప్పించు. పాత బ్లౌజు పరిచి కొలిస్తే వదులు అందులోనే ఉంటుంది. మళ్లీ అర కలిపితే నాలుగు పావులకీ కలిసి 2 అంగుళాలు అదనంగా వదులైపోతుంది. ‘కొలత ప్రకారమే కత్తిరించాను, అయినా లూజొచ్చింది’ అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

ఈ షాటు పక్కన ఎర్ర సిరాతో ‘ఒక్కసారే’ అని రాసుకో. కత్తెర పడ్డాక రెండో టేకు ఉండదు. సుద్ద గీతలన్నీ కెమెరాలో సరిగా పడ్డాయని చూసుకున్నాకే కత్తెర పట్టాలి.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది చెయ్యి. చంక గుంటని ముందు వైపు వెనకకంటే సుమారు అరంగుళం ఎక్కువ లోతుగా కోస్తారు. చెయ్యి ముక్కకీ ముందు వైపు అంతే లోతు ఉంటుంది. ఎడమ చెయ్యి కుడికి పడితే ముందు చంక దగ్గర ముడతలు పోగవుతాయి, వెనక పట్టేస్తుంది. నువ్వు ‘చేతులు జాయింట్ చేయాలి’ అని ఒక్క ముక్కలో దాటేశావు. ఇలా రాసి చూడు:

దృశ్యం: బల్ల మీద రెండు చేతులు, ఇంటూ గుర్తులు కిందికి. లోతుగా కోసిన అంచులు ఎదురెదురుగా.
మాట: “లోతున్నది ముందు వైపు. ఇక్కడ చిన్న గాటు పెట్టుకోండి. ఈ గాటు ఎప్పుడూ ముందు హుక్కుల వైపే ఉండాలి.”
దృశ్యం: చెయ్యి నడిమధ్యని భుజం కుట్టుకి గుండుసూదితో పెట్టడం. అక్కడి నుంచి ముందుకీ, తర్వాత వెనక్కీ.
మాట: “చంక కింద నుంచి మొదలుపెడితే మిగిలిన గుడ్డంతా చివర ఒకేచోట చేరుతుంది. భుజం నుంచి దిగండి.”

మిషను తిరుగుతున్నప్పుడు మాట రాయకు, ఆ శబ్దంలో వినబడదు. మిషను ఆగాక చెప్పించు, లేదా గొంతు విడిగా రికార్డు చెయ్యి. చంక, కాజా పట్టీ, క్రాస్ పీసు లాంటి మాటలు మాస్టరుగారు ఎలా అంటే అలాగే ఉంచు.

మెడ దగ్గర ఒక్క విషయం చాలు: పట్టీని ఏటవాలుగా కత్తిరించాలి. నిలువు గుడ్డ వంపు దగ్గర సాగదు, మెడ లేచి నిలబడుతుంది. నీ దగ్గరున్న రెండో మీటరులోంచి రెండు రకాల పట్టీలూ కోసి, వేళ్లతో లాగి చూపిస్తే మాటలే అక్కర్లేదు.

చివర బ్లౌజుని హ్యాంగరుకి తగిలించి ముగించావు. హ్యాంగరు మీద ఏ బ్లౌజైనా బాగానే కనబడుతుంది. కొలతలు ఇచ్చినావిడే వేసుకుని చేతులు ముందుకి చాపాలి. ఆ షాటు చంక దగ్గరగా, ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి తీయించు. చేతుల భాగం తిరగరాశాక ముందు అదొక్కటీ పంపు, షూటింగుకి ముందే చూసిస్తాను.

మీ అక్క