రాత్రి కొండ దిగేటప్పుడు గుంటలు కనబడాలంటే లైటు ఎక్కడ ఉండాలి?

"వైజాగ్‌లో రాత్రిపూట ట్రైల్ రన్నింగ్ మొదలుపెట్టాను. 400 ల్యూమెన్స్ హెడ్‌ల్యాంప్ ఉంది. అయినా దిగేటప్పుడు గుంటలు, రాళ్ళు సరిగా తెలియడం లేదు. ఇంకా పెద్దది కొనాలా? ఆరు గంటల పరుగుకి బ్యాటరీలు ఎన్ని కావాలి?"

పెద్దది కొనకండి. మీకు వెలుతురు చాలుతోంది, నీడ చాలడం లేదు.

భీమిలి రోడ్డుకి అవతల జీడితోటల మధ్య కొండబాట ఒకటుంది. రెండేళ్ళ కిందట అక్కడ దిగుతూ పడ్డాను. వాన నీళ్ళు ఎర్రమట్టిని కోసేసి జానెడు లోతు గండి చేశాయి. నా లైటు వెలుగులో అది చదునైన నేలలాగే కనిపించింది. కాలు అందులోకి వెళ్ళాక గానీ లోతు తెలియలేదు. మడమ మడతపడి నెల రోజులు పరుగు మానేశాను. నా వెనక వస్తున్న తమ్ముడు మాత్రం "అన్నా, ఆ నల్లచార కనబడలేదా?" అన్నాడు. వాడు టార్చిని నడుము దగ్గర చేత్తో పట్టుకున్నాడు.

నుదుటి మీది లైటు కంటికి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. అందుకే రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, మన కంటికి దొరకదు. ఒక లెక్క చూడండి. మూడు మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల రాయి ఉంది, మీ కన్ను 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. రాయి వెనక 20 సెంటీమీటర్ల నేల మీకు కనబడదు. నుదుటి లైటు వేసే నీడ అంతకన్నా కాస్త తక్కువే, అంటే మొత్తం ఆ చాటులోనే పోతుంది. అదే లైటు నడుము దగ్గర, 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నీడ 33 సెంటీమీటర్లు సాగుతుంది. అందులో 13 సెంటీమీటర్లు మీ కంటికి నల్లగా కనబడుతుంది. గండి అంచు కూడా అలాగే చారలా తేలుతుంది.

కాబట్టి మీ 400 ల్యూమెన్స్ లైటునే బెల్టుకి కట్టుకోండి, లేదా చిన్న టార్చి చేత్తో పట్టుకుని తలలైటుని తగ్గించండి. రెండూ సమాన వెలుతురుతో ఉంటే నుదుటి లైటు ఆ నీడలని కడిగేస్తుంది. చలికాలం తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు ఇంకో లాభం ఉంది. నోటి ఆవిరి నుదుటి లైటులో తెల్లటి తెరలా అడ్డొస్తుంది, నడుము లైటుకి ఆ బాధ చాలా తక్కువ. కొత్తది కొనేటట్టయితే పసుపు ఛాయ ఉన్న వెలుతురు తీసుకోండి. ఎర్రమట్టి మీద ఎండుటాకు, వేరు తేడాగా కనబడటానికి నాకు నీలితెలుపు కన్నా అదే బాగుంది.

బ్యాటరీకి పెట్టె మీద రాసిన గంటలని నమ్ముకోవద్దు. ఆ కొలతలో వెలుతురు మొదటి దానిలో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కేస్తారు. నేను వేసుకునే లెక్క ఇది: వంద ల్యూమెన్స్‌కి సుమారు ఒక వాట్. ఎక్కడానికి వంద ల్యూమెన్స్ చాలు, మూడున్నర గంటలకి 3.5 వాట్-గంటలు. దిగడానికి మూడొందలు, రెండున్నర గంటలకి 7.5. మొత్తం 11. మూడువేల mAh ఉన్న 18650 రకం లిథియం సెల్‌లో కాగితం మీద 10.8 వాట్-గంటలు ఉంటుంది, కాస్త వాడిన సెల్ ఎనిమిదిన్నర ఇస్తే గొప్ప. అంటే రెండు సెల్స్ కావాలి. మొదటిది ఆరిపోయాక కాదు, కొండపైన కూర్చున్నప్పుడే రెండోది వేసేయండి. నిటారు దిగుడు మధ్యలో లైటు పోతే చెమట చేతులతో మూత తిప్పడం కష్టం. విడి సెల్ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి, జేబులో తాళాలతో కలిస్తే షార్ట్ అవుతుంది. మూత విప్పే ఆ నిమిషానికి చిన్న లైటు ఒకటి వేరుగా ఉంచుకోండి.

దారి విషయం మీరు అడగలేదు గానీ, నిద్ర ముంచుకొచ్చే రెండు, మూడు గంటలకి కాళ్ళకన్నా ముందు బుర్ర అలిసిపోతుంది. ఒకసారి జంట తాడిచెట్ల దగ్గర బాట చీలింది. పశువులు నడిచిన దారి వెడల్పుగా ఉందని అటే దిగాం. దారిలో తగలాల్సిన గెడ్డ, అదే వాగు, పది నిమిషాలయినా రాలేదు. ముందుందిలే అనుకుంటూనే ఇంకో పది నిమిషాలు వెళ్ళిపోయాం. చివరికి లైట్లు ఆర్పి నిలబడితే, ఎదురుగా ఉండాల్సిన వైజాగ్ వెలుగు వెనక ఉంది. సముద్రం ఎడమచేతి వైపు ఉండాల్సింది, కుడివైపుకి వచ్చింది. అప్పటినుంచి ఎక్కేటప్పుడే ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒకసారి చూస్తాను, తిరిగొచ్చేటప్పుడు కనబడేది ఆ రూపమే కాబట్టి. తర్వాతి గుర్తు ఎన్ని నిమిషాల్లో రావాలో పక్కవాడికి పైకి చెబుతాను. ఆ టైముకి రాకపోతే చర్చ లేదు, చివరి గుర్తు దాకా వెనక్కి నడుస్తాం. ఫోన్‌లో దారి గీత ఉన్న GPX ఫైలు చూడాలంటే ఆగి, స్క్రీన్ వెలుగు బాగా తగ్గించి చూడండి.

కంబాలకొండ వైపు మాత్రం రాత్రి వద్దు. అది అభయారణ్యం, చిరుతలు తిరిగే చోటు.