ఇద్దరు క్లయింట్లకు ఒకే తేదీ ఇచ్చినప్పుడు

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ అనువాదకుణ్ణి. ఇద్దరు క్లయింట్ల డెడ్‌లైన్లు ఒకే రోజున పడ్డాయి. రాత్రిళ్లు మేలుకొని ఇద్దరికీ ఇచ్చేయాలా, ఒకరిని గడువు అడగాలా? అడిగితే ఏమని అడగాలి?

జవాబు: గడువు అడగండి, కానీ ముందుగా లెక్క వేసుకొని అడగండి. రెండేళ్ల క్రితం నాకు ఇదే పరిస్థితి వచ్చింది. ఒక సంస్థ ఆరోగ్య శిక్షణ పుస్తకంలో 16,000 పదాలు, ఒక ప్రచురణకర్త పుస్తకంలో 14,000 పదాలు మిగిలి ఉండగా, చేతిలో 12 పనిదినాలే ఉన్నాయి. రోజుకు 2,500 పదాలు చేస్తానన్న నమ్మకంతో రెండింటికీ ఒకే తేదీ ఒప్పుకున్నాను; కాగితం మీద అది సరిగ్గా సరిపోయింది.

తరువాత నా పాత ఫైళ్లు తీసి చూస్తే, ఫోన్లు, బిల్లులు, పాత పనుల సవరణలు పోగా నిజంగా రోజుకు 1,800 పదాలే చేస్తున్నానని తేలింది. పైగా సరిదిద్దుకునే పనిని నేను లెక్కలోకే తీసుకోలేదు. అది రోజుకు 6,000 పదాలకు మించి సాగదు. ఆ ప్రకారం శిక్షణ పుస్తకానికి అనువాదం 9 రోజులు, సరిదిద్దడం 3 రోజులు. రెండో పుస్తకానికి 8, 3. మొత్తం 23 రోజుల పని. రాత్రిళ్లు కూర్చున్నా 11 రోజుల లోటు పూడదు. అలసటతో చేసిన పేజీలు సరిదిద్దేటప్పుడు రెట్టింపు సమయం తింటాయి.

అప్పుడు ఇద్దరికీ అదే రోజు ఫోన్ చేసి, గడువు మాట ఎత్తకముందే, ఆ తేదీన నా ఫైలుతో ఏం చేయబోతున్నారని అడిగాను. శిక్షణ సంస్థకు ఆ తేదీన ముద్రణ ఉంది, కనుక అది కదలదు. అయితే చివరి అనుబంధాలు 3 రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదన్నారు. ప్రచురణకర్త వద్ద ఎడిటర్ చదవడం మొదలుపెట్టాలి, అంతే. అందుకే ఆయనకు ఇలా రాశాను: "నా సామర్థ్యాన్ని ఎక్కువగా అంచనా వేసుకోవడం నా పొరపాటు. అనుకున్న తేదీకి పూర్తి చేయలేను. మరో 13 పనిదినాలు కావాలి; అందులో 2 రోజులు అనుకోని ఆటంకాల కోసం. ఎడిటర్‌కు అధ్యాయాలను పూర్తయిన కొద్దీ పంపుతాను." ఇంకో క్లయింటు పని ఉందన్న ప్రస్తావన తేలేదు, ఎందుకంటే అది ఆయన సమస్య కాదు.

ఆయన 10 రోజులకు మించి ఇవ్వలేనన్నారు. ఇక్కడ సరేననేసి ఉంటే మళ్లీ అదే అబద్ధపు తేదీ అయ్యేది. చివరి 4,000 పదాలు మరొకరికి ఇమ్మని, ఆ మేరకు పారితోషికం తగ్గించుకుంటానని చెప్పాను. మిగిలిన 10,000 పదాలకు 6, 2 కలిపి 8 రోజులు, ఆపైన 2 రోజుల వెసులుబాటు. ఆయన ఇచ్చిన 10 రోజుల్లో ఇమిడింది. ఆ వచ్చిన అనువాదకురాలికి నేను వాడిన పారిభాషిక పదాల పట్టిక మొదటి రోజే పంపాను, లేకపోతే ఒకే పుస్తకంలో ఒకే మాటకు రెండు తెలుగు పదాలు పడేవి. రెండు పుస్తకాలూ కొత్త తేదీలకే చేరాయి. శిక్షణ పుస్తకం అనుబంధాలకు మాత్రం ఆ 3 రోజుల్లో 2 రోజులు వాడుకోవాల్సి వచ్చింది.